ఏడు శాతం బాండు ఐదేళ్లకు చేతిలో ఎంత పెడుతుంది?

రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో రిటైల్ డైరెక్ట్ పథకం మొదలుపెట్టాక ప్రభుత్వ బాండ్లు మామూలు మదుపరులకూ అందుబాటులోకి వచ్చాయి. పది వేల రూపాయలుంటే కేంద్ర ప్రభుత్వ బాండును నేరుగా కొనుక్కోవచ్చు. కొనబోయేవారి చూపు తెర మీది అంకెల్లో ముందుగా యీల్డ్ దగ్గర ఆగుతుంది. ఏడు శాతం అని ఉంటే, బ్యాంకు డిపాజిట్ మీద ఆరున్నరే కదా, ఇదే నయం అనుకుని ముందుకు వెళతారు.

ఈ పోలికలో ఒక లోపం ఉంది. క్యుములేటివ్ డిపాజిట్ వేస్తే వడ్డీ మన చేతికి రాదు. బ్యాంకే దాన్ని అసలులో కలిపి, ముందు ఒప్పుకున్న రేటుకే మళ్లీ వడ్డీ కడుతుంది. ఐదేళ్ల తర్వాత ఎంత వస్తుందో రసీదు మీదే అచ్చువేసి ఇస్తుంది. బాండు అలా కాదు. ఆరు నెలలకోసారి కూపన్ వడ్డీ మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత దాన్ని ఏం చేస్తామన్నది మన ఇష్టం. ఇక గడువు తీరకముందే బాండును అమ్మాల్సి వస్తే, ఆ రోజు మార్కెట్ ఎంత ఇస్తే అంతే. అంటే డిపాజిట్ రేటు బ్యాంకు రాసిచ్చిన మాట. బాండు యీల్డ్ మాత్రం రెండు షరతులు నెరవేరితేనే నిజమయ్యే అంకె.

ఆ షరతుల్లో మొదటిది బాండును గడువు తీరేదాకా అట్టిపెట్టుకోవడం. రెండోది చేతికొచ్చిన ప్రతి కూపన్‌నూ అదే యీల్డ్‌కు మళ్లీ మదుపు చేయడం. మార్కెట్లో వాడే యీల్డ్ టు మెచ్యూరిటీ అనే అంకెలో ఈ రెండూ ఇమిడి ఉంటాయి, కానీ ఎవరూ పైకి చెప్పరు. మనకు డబ్బు కావలసిన రోజూ బాండు గడువూ ఒకటి కాకపోతే, కూపన్లు ఇంకో రేటుకు పెరిగితే, చివరికి మిగిలే రాబడి వేరుగా ఉంటుంది. దాన్ని రియలైజ్డ్ కాంపౌండ్ యీల్డ్ అంటారు. పెట్టిన డబ్బు మనం అనుకున్న రోజుకు, వడ్డీ మీద వడ్డీతో సహా, నిజంగా ఏ రేటుకు పెరిగిందో చెప్పే అంకె అది. ఇక్కడ దాన్ని చేతికందే రాబడి అని పిలుచుకుందాం.

ఒక ఉదాహరణతో లెక్క మొత్తం చూద్దాం. పదేళ్ల గడువున్న ప్రభుత్వ బాండు, ఏడు శాతం కూపన్, ముఖవిలువకే దొరికింది. పది లక్షలు పెట్టి కొన్నాం. అమ్మాయి పై చదువుకు ఈ డబ్బు సరిగ్గా ఐదేళ్లకు కావాలి. కాబట్టి గడువు తీరేదాకా ఆగడం కుదరదు, ఐదో ఏడాది చివర అమ్మాల్సిందే. ఈ ఐదేళ్లలో 35,000 చొప్పున పది కూపన్లు వస్తాయి. ఐదో ఏట చేతిలో ఉండే డబ్బులో మూడు భాగాలుంటాయి: కూపన్ల మొత్తం 3,50,000, ఆ కూపన్లను మదుపు చేస్తే వచ్చిన వడ్డీ, బాండు అమ్మిన ధర. మొదటిది కొన్న రోజే తెలుసు. మిగతా రెండూ తెలియవు. లెక్కంతా ఆ రెండింటి గురించే.

వడ్డీ మీద వడ్డీతో మొదలుపెడదాం. కూపన్లను ఆరు నెలలకు మూడున్నర శాతం చొప్పున, అంటే ఏడాదికి ఏడు శాతానికే మళ్లీ మదుపు చేయగలిగితే, 3,50,000 పైన మరో 60,600 దాకా వస్తుంది. ఆరు శాతమే దొరికితే ఆ 60,600 కాస్తా 51,200 అవుతుంది. సేవింగ్స్ ఖాతాలోనే వదిలేసి మూడు శాతంతో సరిపెట్టుకుంటే 24,600. బీరువాలో పెట్టి తాళం వేస్తే సున్నా. ప్రస్తుతానికి ఐదేళ్ల తర్వాత బాండు ముఖవిలువకే అమ్ముడుపోయిందని అనుకుందాం. అప్పుడు ఈ నాలుగు దారుల్లో చేతికందే రాబడి వరుసగా 7, 6.86, 6.47, 6.09 శాతం. బాండు ఒకటే, ధర ఒకటే, ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా ఎగ్గొట్టలేదు. అయినా మొదటి దారికీ చివరి దారికీ మధ్య దాదాపు ఒక శాతం తేడా వచ్చింది.

సేవింగ్స్ ఖాతా ఉదాహరణ ఊరికే తీసుకున్నది కాదు. చిన్న మదుపరులకు ఎక్కువగా జరిగేది అదే. 7.18% GS 2033 అనే బాండునే చూడండి. దాని కూపన్ ఏటా ఫిబ్రవరి 14న, ఆగస్టు 14న వస్తుంది. ఆ రోజు ఖాతాలో జమ అయిన మెసేజ్ చూసుకుంటాం, తర్వాత ఆ డబ్బు కరెంటు బిల్లులోనో కిరాణా ఖర్చులోనో కలిసిపోతుంది. కలవకపోయినా ఇంకో అడ్డంకి ఉంది. ప్రభుత్వ బాండు గానీ ట్రెజరీ బిల్లు గానీ పది వేల గుణిజాల్లోనే కొనాలి. పది లక్షల బాండు మీద వచ్చే 35,000లో ముప్పై వేలు మళ్లీ మదుపులోకి వెళ్లినా ఐదు వేలు పక్కన కూర్చుంటాయి. రెండు లక్షల బాండైతే కూపన్ ఏడు వేలే. అది పది వేలు కావాలంటే ఇంకో కూపన్ దాకా ఎదురుచూడాలి. కోట్లలో మదుపు చేసే బీమా సంస్థకు ఈ బాధ ఉండదు. అందువల్ల కూపన్లను ఏ రేటుకు మళ్లీ పెట్టగలమో అంచనా వేసేటప్పుడు బాండు యీల్డ్‌ను అలాగే దించుకోకూడదు. మన చేతిలో ఉన్న దారి ఏమిటో చూసి, దాని రేటు వేయాలి. నా ఉద్దేశంలో మామూలు మదుపరి ఆ రేటును బాండు యీల్డ్ కన్నా కనీసం ఒక శాతం తగ్గించి పెట్టుకోవడమే న్యాయం. పన్ను సంగతి కూడా మరిచిపోకూడదు. ఇరవై శాతం శ్లాబులో ఉన్నవారికి 35,000 కూపన్‌లో మళ్లీ మదుపుకు మిగిలేది 28,000 మాత్రమే, సెస్సు లెక్కలోకి తీసుకోకుండానే.

ఐదేళ్లలో వడ్డీ మీద వడ్డీ చిన్నదిగానే కనిపిస్తుంది. కాలం పెరిగేకొద్దీ అది ఎంత పెద్దదవుతుందో అమెరికాలో 1972లో వచ్చిన ఇన్‌సైడ్ ది యీల్డ్ బుక్ అనే పుస్తకం బాండ్ల వ్యాపారులకు లెక్కవేసి చూపింది. దాన్ని రాసిన సిడ్నీ హోమర్, మార్టిన్ లీబోవిట్జ్ ఇద్దరూ సాలమన్ బ్రదర్స్ అనే బాండ్ల సంస్థలో పనిచేసేవారు. దీర్ఘకాలిక బాండు ఇచ్చే రాబడిలో సగానికి పైగా కూపన్ల నుంచి కాదు, కూపన్ల మీద వచ్చే వడ్డీ నుంచే వస్తుందన్నది వాళ్లు నొక్కిచెప్పిన విషయం. మన ఏడు శాతాన్నే ముప్పై ఏళ్ల బాండుకు వేసి చూస్తే వాళ్ల మాట అర్థమవుతుంది. వంద రూపాయలు పెడితే ముప్పై ఏళ్లలో కూపన్లుగా వచ్చేది 210. వాటిని ఏడు శాతానికే తిప్పగలిగితే ఆ వడ్డీ దాదాపు 478 అవుతుంది. లాభం మొత్తంలో ఇది నూటికి డెబ్బై వంతుల దాకా ఉంటుంది. కూపన్ కాగితం మీద రాసిన హామీ కాబట్టి దానికి ఢోకా లేదు. ఆ 478 మాత్రం ముప్పై ఏళ్ల పాటు అరవై సార్లు మనం ఏం చేస్తాం, అప్పట్లో రేట్లు ఎలా ఉంటాయి అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇక రెండో తెలియని అంకె, అమ్మకపు ధర. దీన్ని ఊహించడమంటే భవిష్యవాణి చెప్పడం అనుకుని చాలామంది వదిలేస్తారు. నిజానికి ధరను నేరుగా ఊహించనక్కర్లేదు. ఐదేళ్ల తర్వాత మార్కెట్ యీల్డ్ ఎంత ఉండొచ్చో ఒక అంకె పెట్టుకుంటే, ధర లెక్కలోంచే వస్తుంది. ఆ రోజు మన బాండుకు ఇంకా పది కూపన్లూ ముఖవిలువా మిగిలి ఉంటాయి. అప్పటి యీల్డ్‌తో వాటి విలువను ఆ రోజుకు తగ్గించి కట్టినదే ధర. మార్కెట్ అప్పుడు ఆరు శాతం కోరితే మన ఏడు శాతం కూపన్‌కు గిరాకీ ఉంటుంది, పది లక్షల బాండు 10,42,650కి పోతుంది. ఎనిమిది శాతం కోరితే 9,59,450కి పడిపోతుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పత్రికల్లో రోజూ కనిపించేది పదేళ్ల బాండు యీల్డ్. ఐదేళ్ల తర్వాత మన చేతిలో ఉండేది పదేళ్ల బాండు కాదు, ఐదేళ్ల గడువు మిగిలిన బాండు. కాబట్టి ధర కట్టాల్సింది ఐదేళ్ల బాండ్లకు అప్పుడు ఉండే యీల్డ్‌తో. తక్కువ గడువు బాండ్ల యీల్డ్ చాలా కాలాల్లో కాస్త తక్కువగా ఉంటుంది. ఈ రోజు పదేళ్లకు 7, ఐదేళ్లకు 6.7 శాతం ఉన్నాయనుకోండి. ఐదేళ్ల తర్వాత కూడా మార్కెట్ అచ్చం ఇలాగే ఉంటే మన బాండు 6.7 శాతం దగ్గర పలుకుతుంది, ధర 10,12,570 అవుతుంది. రేట్లేమీ మారకుండానే పన్నెండున్నర వేలు కలిసొచ్చాయి. అయితే ఇది ఎప్పుడూ దొరికే లాభం కాదు. 2023లో మన దేశంలో ఐదేళ్ల, పదేళ్ల యీల్డ్‌లు దాదాపు ఒకే చోట ఉన్నాయి. అలాంటప్పుడు ఈ వెసులుబాటు ఉండదు.

లెక్క చేయడానికి ఆర్థిక శాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా మూడు వరుసలు చాలు. కూపన్లను ఆరు శాతానికి తిప్పి, చివర్లో ఆరు శాతం యీల్డ్‌కు అమ్మితే ఎంతవుతుందో ఇలా వస్తుంది:

```
=FV(0.03,10,-35000)
=-PV(0.03,10,35000,1000000)
=2*RATE(10,0,-1000000,1443887)
```

మొదటి వరుస కూపన్లు వడ్డీతో కలిసి ఎంతయ్యాయో చెబుతుంది: 4,01,236. రెండోది అమ్మకపు ధర: 10,42,651. రెండూ కలిపితే 14,43,887. మూడో వరుస పది లక్షలు ఆ మొత్తం కావడానికి ఆరు నెలలకు ఎంత వడ్డీ పడిందో కనుక్కుని రెట్టింపు చేస్తుంది. జవాబు 7.48 శాతం. 0.03 అంటే ఆరు శాతంలో సగం, 10 అంటే అర్ధ సంవత్సరాల సంఖ్య. మొదటి వరుసలో మీకు దొరికే రేటులో సగం, రెండో వరుసలో మీరు ఊహించే యీల్డ్‌లో సగం వేసుకోండి. ఈ రెండు రేట్లూ ఒకటే కావాలన్న నియమం లేదు. మూడో వరుస చివర్లో మాత్రం పై రెండింటి మొత్తాన్ని మార్చి రాయడం మరవద్దు.

ఈ 7.48 శాతాన్ని కాసేపు ఆగి చూడాలి. వడ్డీ రేట్లు ఒక శాతం తగ్గాయి, కూపన్ల మీద వచ్చే ఆదాయం తగ్గింది, అయినా చేతికందే రాబడి ఏడు దాటింది. ఎందుకంటే రేట్లు తగ్గినప్పుడు వడ్డీ మీద వడ్డీ కరిగినా బాండు ధర పెరుగుతుంది. ఐదేళ్ల లెక్కలో కూపన్ల వైపు పోయింది తొమ్మిది వేలకు పైచిలుకు, ధర వైపు వచ్చింది నలభై రెండు వేలకు పైచిలుకు. రేట్లు ఒక శాతం పెరిగితే కథ తిరగబడుతుంది. కూపన్లు ఎనిమిది శాతానికి పెరిగి 4,20,200 దాకా అవుతాయి, బాండు మాత్రం 9,59,450కే పోతుంది. మొత్తం 13,79,660, రాబడి 6.54 శాతం.

అంటే వడ్డీ రేట్లలో మార్పు త్రాసులో రెండు పళ్లేలనూ ఒకేసారి కదుపుతుంది, కానీ ఎదురెదురు దిక్కుల్లో. ఏ పళ్లెం బరువు ఎక్కువన్నది మనం ఎంతకాలం ఉంటామన్నదాని మీద ఉంటుంది. త్వరగా అమ్మేస్తే ధర బరువైనది, ఎందుకంటే కూపన్లు ఇంకా పోగుపడలేదు, బాండుకు మిగిలిన గడువు ఎక్కువ. బాగా ఆలస్యం చేస్తే కూపన్ల మీద వడ్డీ బరువైనది, ఎందుకంటే గడువు దగ్గరపడేకొద్దీ ధర ముఖవిలువ దగ్గరికి వచ్చేస్తుంది. మధ్యలో ఎక్కడో రెండూ సమానం కావాలి.

మన బాండుకు ఆ చోటు ఏడేళ్ల నాలుగు నెలల దగ్గర వస్తుంది. దీన్నే డ్యూరేషన్ అంటారు. ఆర్థికవేత్త ఫ్రెడరిక్ మెకాలే 1938లో ఈ కొలతను ప్రతిపాదించారు. ఇదే బాండును ఐదేళ్లకు బదులు ఏడున్నరేళ్లు ఉంచుకున్నామనుకుని లెక్క వేస్తే, రేట్లు కొన్న వెంటనే ఎనిమిదికి పెరిగి అక్కడే ఉన్నా రాబడి 7.03 శాతం, ఆరుకు తగ్గి అక్కడే ఉన్నా 6.99 శాతం. ఐదేళ్ల దగ్గర 6.54కూ 7.48కూ మధ్య ఊగిన అంకె ఇక్కడ దాదాపు కదలకుండా నిలబడింది. బీమా సంస్థలు, పింఛను నిధులు తాము చెల్లించాల్సిన తేదీలకు డ్యూరేషన్ సరిపోయేలా బాండ్లు ఎంచుకోవడం వెనక ఉన్న తర్కం ఇదే. ఐదేళ్లకు డబ్బు కావలసిన మనం పదేళ్ల బాండు కొన్నామంటే, మనకు తెలియకుండానే వడ్డీ రేట్లు తగ్గుతాయని పందెం కాసినట్టే. ఆ పందెం వద్దనుకుంటే ఐదేళ్లకు దగ్గర డ్యూరేషన్ ఉన్న బాండు, అంటే ఆరేళ్ల లోపు గడువున్నది వెతుక్కోవాలి.

అయితే ఈ సమతూకం ఒక ఊహ మీద నిలబడి ఉంది. రేట్లు ఒక్కసారే మారతాయి, అన్ని గడువులకూ ఒకేలా మారతాయి, ఆ తర్వాత అక్కడే ఉంటాయి అన్నది ఆ ఊహ. మార్కెట్ అంత పద్ధతిగా నడవదు. కూపన్లు తిప్పే ఐదేళ్లూ రేట్లు తక్కువగా ఉండి, సరిగ్గా అమ్మే ముందు పెరిగితే రెండు పళ్లేలూ మనకు వ్యతిరేకంగానే దిగుతాయి. మన ఉదాహరణలో కూపన్లకు ఆరు శాతమే దొరికి, అమ్మేనాటికి యీల్డ్ ఎనిమిదికి చేరితే రాబడి 6.26 శాతానికి పడిపోతుంది. రేట్లు మొదటి నుంచీ ఎనిమిదిలో ఉన్న 6.54 కన్నా ఇది అధ్వానం. రేట్లు పెరిగితే ఎంత, తగ్గితే ఎంత అని రెండు లెక్కలు వేసి ఊరుకుంటే ఈ మూడోది కంటపడదు. అందుకే కూపన్ల రేటునూ అమ్మకపు యీల్డ్‌నూ విడివిడిగా మార్చి చూడాలి.

ఇది మన దేశంలో ఈ మధ్యనే జరిగింది. కొవిడ్ మొదలైన 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం కొత్త పదేళ్ల బాండు జారీ చేసింది. వేలంలో కూపన్ 5.79 శాతంగా ఖరారైంది. దాని పేరు 5.79% GS 2030. అదే నెలలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 4 శాతానికి తగ్గించి, రెండేళ్ల పాటు అక్కడే ఉంచింది. ఆ కాలంలో 91 రోజుల ట్రెజరీ బిల్లు మీద చాలా రోజులు మూడున్నర శాతం కూడా రాలేదు. 2022 మేలో రెపో రేటు పెంపు మొదలైంది, 2023 ఫిబ్రవరికి అది 6.5 శాతానికి చేరింది. దీర్ఘకాలిక బాండ్ల యీల్డ్ 2022 మధ్యకు ఏడు శాతం దాటేసింది.

ఈ బాండులో పది లక్షలు పెట్టి, రెండేళ్లకు అమ్మిన మదుపరి లెక్క చూద్దాం. కూపన్లు 28,950 చొప్పున నాలుగు. వాటిని మూడున్నర శాతానికి తిప్పితే మొత్తం 1,18,900 దాకా వస్తుంది. ఎనిమిదేళ్ల గడువు మిగిలిన ఆ బాండును 2022 మేలో 7.3 శాతం యీల్డ్ దగ్గర అమ్మారనుకుంటే ధర దాదాపు 9,09,700. రెండూ కలిపితే 10,28,600. చేతికందిన రాబడి ఏడాదికి 1.4 శాతం. కొన్న రోజు చూసిన 5.79 ఎక్కడ, ఈ 1.4 ఎక్కడ! ప్రభుత్వం ప్రతి కూపన్‌నూ తేదీ తప్పకుండా ఇచ్చింది. దెబ్బ తగిలింది ధర వైపు నుంచి, తొంభై వేలకు పైగా. కూపన్లను మూడున్నరకు బదులు మొదటి రోజు నుంచీ 7.3 శాతానికి తిప్పగలిగినా అదనంగా వచ్చేది మూడున్నర వేల లోపే. రెండేళ్ల కాలానికి పదేళ్ల బాండు కొంటే త్రాసు ఎంతగా ఒక పక్కకే వంగి ఉంటుందో ఈ అంకెలు చెబుతున్నాయి. అదే మదుపరి 2030 దాకా ఆగగలిగితే ముఖవిలువ పూర్తిగా తిరిగొస్తుంది, పెరిగిన రేట్లు కూపన్లకూ కలిసొస్తాయి. అప్పుడు రాబడి 5.79కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

మళ్లీ మన ఏడు శాతం బాండు దగ్గరికి వద్దాం. ఐదేళ్ల తర్వాత యీల్డ్ ఎంత ఉంటుందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు కాబట్టి, ప్రశ్నను తిరగేసి అడగడం మేలు. యీల్డ్ ఎక్కడిదాకా పెరిగినా డిపాజిట్ కన్నా బాండే నయంగా ఉంటుంది? ఐదేళ్ల డిపాజిట్‌కు బ్యాంకు ఆరున్నర శాతం ఇస్తోందనుకుందాం. డిపాజిట్ల మీద చక్రవడ్డీ మూడు నెలలకోసారి కడతారు, బాండుకు ఆరు నెలలకోసారి. శాతాలను పక్కపక్కన పెట్టి పోలిస్తే ఈ చిన్న తేడా తప్పుదారి పట్టిస్తుంది. చివరి మొత్తాలనే పోల్చాలి. పది లక్షల డిపాజిట్ ఐదేళ్లకు 13,80,400 అవుతుంది. బాండు కూపన్లను ఆరు శాతానికి తిప్పితే 4,01,200 మన దగ్గర ఉంటుంది. కాబట్టి బాండును కనీసం 9,79,200కి అమ్మగలగాలి. ఐదేళ్ల గడువు మిగిలిన మన బాండు ఆ ధర పలికేది యీల్డ్ దాదాపు 7.5 శాతం ఉన్నప్పుడు.

ఈ 7.5ని ముందు పెట్టుకుంటే నిర్ణయం సులువవుతుంది. ఐదేళ్ల తర్వాత ఐదేళ్ల ప్రభుత్వ బాండ్ల యీల్డ్ ఏడున్నర దాటదని మనకు నమ్మకముంటే బాండు. దాటే అవకాశం గట్టిగా ఉందనిపిస్తే, లేదా ఆ ప్రమాదాన్ని మోయలేమనుకుంటే డిపాజిట్ లేదా ఐదేళ్లకు దగ్గర గడువున్న బాండు. ప్రభుత్వ బాండుకు ఎగవేత భయం లేదు, డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల దాకానే బీమా ఉంటుంది. ఆ తేడాను కూడా ఎవరికి వారు తూచుకోవాలి. కూపన్ల మీద, డిపాజిట్ వడ్డీ మీద పన్ను శ్లాబు ప్రకారమే పడుతుంది కాబట్టి అక్కడ పోలిక పెద్దగా మారదు.

అమ్మే రోజు లెక్కలో లేని ఇంకో ఖర్చు ఎదురవుతుంది. ప్రభుత్వ బాండ్ల మార్కెట్లో అసలు వ్యాపారం కోట్ల రూపాయల లాట్లలో నడుస్తుంది. చిన్న మొత్తాలు ఆడ్ లాట్ విభాగంలో అమ్మాలి. అక్కడ కొనేవాళ్లు తక్కువ, అందులోనూ పాతబడిపోయి రోజువారీ వ్యాపారం తగ్గిన బాండైతే మరీ తక్కువ. తెర మీద పెద్ద లాటు ధర 97.95 కనిపించినా మన పది లక్షలకు 97.70 రావచ్చు. వందకు పావలా తగ్గితే పది లక్షల మీద రెండున్నర వేలు పోతాయి, మన హద్దు 7.5 నుంచి 7.44కి దిగుతుంది. ఆరు నెలల మధ్యలో అమ్మితే అప్పటిదాకా పేరుకున్న వడ్డీని కొనేవాడు ధరతో పాటు విడిగా ఇస్తాడు. దాన్ని కొనుగోలు, అమ్మకం రెండు చోట్లా లెక్కలోకి తీసుకోవాలి. కూపన్ తేదీ నాడే అమ్మేలా చూసుకుంటే ఆ చిక్కు ఉండదు. ఆడ్ లాట్ విభాగంలో మనం కొనదలచిన బాండుకు కొన్నాళ్ల పాటు కొనుగోలు ధర, అమ్మకపు ధర మధ్య ఎంత తేడా ఉంటుందో గమనించి, దాన్ని ముందే తీసేసి ఆ హద్దు లెక్క వేసుకోవాలి.